కంపెనీ ఇల్లు, కారు, ఫోన్‌కి కలిపి 3,69,600 పెర్క్ వేశారు, లెక్క ఎక్కడ తప్పింది?

కిరణ్_కొండాపూర్ · 8 జనవరి 2026, రాత్రి 10:42

అందరికీ నమస్తే. పోయిన ఏప్రిల్‌లో బెంగళూరు నుంచి హైదరాబాద్ ఆఫీసుకి మారా, అప్పటి నుంచి కంపెనీయే ఇల్లు, కారు, ఫోన్ ఇచ్చింది. ఇన్నాళ్లూ ఫ్రీగా వచ్చింది కదా అని హ్యాపీగా ఉన్నా. నిన్న ప్రూఫులు పెట్టడానికి పేరోల్ పోర్టల్ తెరిస్తే టాక్స్ వర్కింగ్‌లో పెర్క్విజిట్స్, అంటే కంపెనీ ఇచ్చే సౌకర్యాలకి విలువ కట్టి జీతంలో కలిపేవి, అని ఏకంగా 3,69,600 కనబడింది, గుండె గుభేల్‌మంది.

వివరాలు ఇవీ. కొండాపూర్‌లో త్రీబీహెచ్‌కే, నెలకి 42,000 అద్దె, అగ్రిమెంట్ కంపెనీకీ ఓనర్‌కీ మధ్యే ఉంది, నా జీతంలోంచి అద్దె ఏమీ కోయరు. రెండు ఏసీలు, ఫ్రిజ్, మంచాలు, సోఫా కూడా కంపెనీయే కొనిచ్చింది, 1,80,000 అయిందన్నారు. కారు కంపెనీ లీజు మీద తీసుకుంది, 1.5 లీటర్ డీజిల్, పెట్రోల్ బంకులో కంపెనీ కార్డే గీకుతా, డ్రైవర్ లేడు, నేనే తోలుకుంటా. ఫోన్ బిల్లు నెలకి వెయ్యి, కంపెనీయే కడుతుంది. నేను కొత్త టాక్స్ రెజీమ్‌లో ఉన్నా.

జీతం: బేసిక్ 9,60,000, స్పెషల్ అలవెన్స్ 8,40,000, బోనస్ 2,00,000. కంపెనీ వైపు పీఎఫ్ ఇంకో 1,15,200.

పోర్టల్‌లో ఉన్నది ఉన్నట్టు పెడుతున్నా:

```
Accommodation (leased) + furniture   3,18,000
Motor car >1.6L with driver            39,600
Telephone                              12,000
Total                                3,69,600
```

హెచ్ఆర్‌ని అడిగితే "సిస్టమ్ క్యాలిక్యులేట్ చేస్తుంది సార్" అంటున్నారు. ఇది కరెక్టేనా?

---

బోయినపల్లి_బ్రో · రాత్రి 11:05

బ్రో ఇంటికి వేసిన రేటు కరెక్టే. పెద్ద సిటీలో 15 శాతం రూల్, జనాభా ఇరవై ఐదు లక్షలు దాటితే 15, మన హైదరాబాద్ ఎప్పుడో దాటింది. కానీ ఆ 15 శాతం బేసిక్ మీద వెయ్యాలి, నీది 1,44,000 రావాలి, వాళ్లు మొత్తం జీతం మీద వేసేశారు, అది తప్పు. ఇక కారుకి నెలకి 1,800 దాకా టాక్స్ లేదు, అది పూర్తిగా తీసెయ్యమను. ఫోన్ మాత్రం పెర్కే బ్రో, ఫ్రీగా వచ్చిందేదైనా పెర్కే.

---

సత్యం_సైదాబాద్ · 9 జనవరి, ఉదయం 6:20

బాబూ, నేను ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. క్వార్టర్స్‌లో పద్దెనిమిదేళ్లు ఉన్నాను, ఒక్క పైసా పెర్కు టాక్సు కట్టిన గుర్తు లేదు. లైసెన్స్ ఫీజు అని జీతంలో కోసేవారు, అంతటితో సరి. మీరు కూడా కంపెనీకి కొంచెం లైసెన్స్ ఫీజు కడతానని రాసిచ్చేస్తే ఈ గోలంతా పోతుంది కదా. అనవసరంగా బుర్ర పాడు చేసుకోకండి.

---

పద్మజ_పేరోల్ · ఉదయం 8:55

పద్నాలుగేళ్లుగా పేరోల్ పనే చేస్తున్నా, జనవరి వస్తే రోజుకి ఇలాంటివి పది చూస్తాను. కిరణ్ గారూ మీ లెక్కలో మూడు చోట్లా తప్పే ఉంది, కానీ బోయినపల్లి గారు చెప్పినట్టు కాదు. ముందు సత్యం గారి మాట తేల్చేద్దాం. సార్, మీది సర్కారు క్వార్టర్, దానికి రూలే వేరు. ప్రభుత్వం పెట్టిన లైసెన్స్ ఫీజే ఆ ఇంటి విలువ, అదే మీ దగ్గర కోశారు కాబట్టి మిగిలింది సున్నా. ప్రైవేటు వాళ్లకి ఆ వెసులుబాటు లేదు. వీళ్లు జీతంలోంచి అద్దె కోయించుకుంటే పెర్క్‌లో అంత తగ్గుతుంది, అంతేగానీ నామమాత్రంగా ఐదొందలు కడితే సున్నా అయిపోదు.

ఇక ఇల్లు. 15 శాతం అనేది 2023 ఆగస్టు దాకా ఉన్న రేటు. అదే సంవత్సరం ఆగస్టు 18న నోటిఫికేషన్ వచ్చింది, సెప్టెంబర్ 1 నుంచి మారింది. ఇప్పుడు కంపెనీ అద్దెకి తీసుకుని ఇచ్చిన ఇంటికి, కంపెనీ కట్టే అసలు అద్దె ఒక వైపు, మీ జీతంలో 10 శాతం ఒక వైపు పెట్టి ఏది తక్కువైతే అది తీసుకోవాలి. మీ అద్దె ఏడాదికి 5,04,000.

జీతం అంటే ఇక్కడ బేసిక్ ఒక్కటే కాదు. టాక్స్ పడే అలవెన్సులన్నీ, బోనస్, కమిషన్ వచ్చినా అదీ కలుస్తాయి. కలవనివి ఏమంటే కంపెనీ వైపు పీఎఫ్, టాక్స్ లేని అలవెన్సులు, ఇంకా ఈ పెర్కుల విలువ. ఇంటి పెర్క్ కట్టడానికి కారు పెర్క్ జీతంలో కలపడం కూడా చూశాను నేను, అలా చెయ్యకూడదు. మీకు 9,60,000 ప్లస్ 8,40,000 ప్లస్ 2,00,000, సరిగ్గా 20 లక్షలు. పది శాతం 2,00,000. అద్దె కంటే తక్కువ కాబట్టి అదే మీ ఇంటి విలువ.

సామాన్లకి కొన్న ధరలో ఏడాదికి 10 శాతం, అంటే 18,000. ఫ్రిజ్ పాతబడినా ఈ 10 శాతం కొన్న రోజు ధర మీదే, ఏడాదికేడాది తగ్గుతూ పోదు. మొత్తం 2,18,000. మీ పోర్టల్‌లో 3,18,000 ఉందంటే 20 లక్షల్లో 15 శాతం 3,00,000, దానికి 18,000. అంటే జీతం సరిగ్గానే తీసుకున్నారు, రేటు ఒక్కటే పేరోల్ సాఫ్ట్‌వేర్ మాస్టర్‌లో పాతది మిగిలిపోయింది. వర్కింగ్ షీట్ అడిగి మూడు లక్షల్ని ఇరవై లక్షలతో భాగించి చూపించండి చాలు, వాళ్లకి అప్పుడు వెలుగుతుంది.

కారు సంగతి మధ్యాహ్నం రాస్తా, కుక్కర్ మూడో విజిల్ వేసేసింది.

---

బోయినపల్లి_బ్రో · ఉదయం 9:30

మేడమ్ రేటు మారిందని నిజంగా తెలీదు, థాంక్స్. కానీ ఆ సిటీ జనాభా లెక్క ఇప్పటికీ ఉంది కదా, నలభై లక్షలు అని ఏదో చదివా.

---

పద్మజ_పేరోల్ · ఉదయం 9:48

ఉంది. కానీ అది కంపెనీ సొంత ఇల్లు ఇస్తేనే. 2011 జనాభా లెక్కల ప్రకారం నలభై లక్షలు దాటిన నగరంలో 10 శాతం, పదిహేను నుంచి నలభై మధ్యలో ఏడున్నర, మిగతా చోట్ల 5. అద్దెకి తీసుకుని ఇచ్చిన ఇంటికి ఈ జనాభా గొడవ లేదు, కొండాపూరైనా కొత్తగూడెమైనా ఒకటే 10 శాతం. ఈ రెండూ కలిపేసి అద్దె ఇంటికి సిటీ ఏదని అడిగే పేరోల్ సాఫ్ట్‌వేర్లు కూడా చూశాను.

---

నార్సింగి_నీలిమ · ఉదయం 10:15

అయ్యో అయితే మాది సరిగ్గా ఆ కేసే. మా కంపెనీకి నార్సింగిలో సొంత ఫ్లాట్లు ఉన్నాయి, అందులో ఉంటున్నాం, 10 శాతం వేశారు. 2011లో నార్సింగి గ్రామ పంచాయతీ కదండీ, హైదరాబాద్ సిటీలో లెక్కే లేదు. మరి మాకు 5 శాతం రావాలి కదా? మా అకౌంట్స్ వాళ్లు "అదంతా హైదరాబాదేనమ్మా" అంటారు.

---

పద్మజ_పేరోల్ · ఉదయం 10:40

అక్షరం ప్రకారం మీ వాదనలో బలం ఉంది, రూల్‌లో 2011 జనాభా అనే ఉంది. కానీ నగరం హద్దు ఏ తేదీది చూడాలి అనే దగ్గర కంపెనీలు భయపడతాయి. తక్కువ టీడీఎస్ కోస్తే బాధ్యత వాళ్ల మీద పడుతుంది కదా, అందుకే ఎక్కువ రేటు వైపే మొగ్గుతారు. మా ఆఫీసులో అయితే 10 వేసేవాళ్లం, నిజాయితీగా చెప్తున్నా. మీరు రాతపూర్వకంగా అడగండి, జవాబైనా రాతలో వస్తుంది.

---

మల్లేష్_ఉప్పల్ · ఉదయం 11:22

నా కథ కూడా జర చూడున్రి. ఉప్పల్‌ల ఇల్లు కిరాయికి తీసుకున్న, అగ్రిమెంట్ నా పేరు మీదనే ఉన్నది. నెలకు 22,000, రసీదు పెడితే కంపెనీ పైసలు ఇస్తది. మరి కిరణన్నకు అయిన లెక్కనే నాకు కూడా పది శాతం అయితది గదా? నాకేమో మొత్తం 2,64,000 టాక్స్‌ల కలిపిన్రు. కారు కూడా నాదే, దానికి పెట్రోల్ బిల్లులు పెడితే నెలకు 12,000 ఇస్తరు, దాంట్ల 10,200 టాక్స్‌ల చూపెట్టిన్రు. అందరికీ తక్కువ పడుతుంటే నాకొక్కనికే గిట్ల ఎందుకు పడ్తున్నదో సమజైతలేదు.

---

పద్మజ_పేరోల్ · మధ్యాహ్నం 1:35

మల్లేష్ గారూ, మీకు తప్పు వెయ్యలేదు, మీ ఏర్పాటే వేరు. కిరణ్ గారి ఇల్లు కంపెనీ తీసుకుని ఇచ్చింది. మీ ఇంటికి ఓనర్‌కి కట్టాల్సింది మీరు, ఆ మీ బాకీని కంపెనీ తీరుస్తోంది, కాబట్టి రూపాయికి రూపాయి పూర్తిగా జీతమే. ఓనర్ ఒప్పుకుంటే వచ్చే ఏడాదికైనా అగ్రిమెంట్ కంపెనీ పేరు మీదకి మార్పించుకోండి, అద్దె కూడా కంపెనీ ఖాతా నుంచే ఓనర్‌కి వెళ్లాలి. మా దగ్గర ఒకాయన అగ్రిమెంట్ మార్చాడు గానీ అద్దె మాత్రం తన ఫోన్‌లోంచే కొడుతూ వచ్చాడు, ఆడిట్‌లో మొత్తం తిరగ్గొట్టారు.

కారు దగ్గరికి వద్దాం, అందరూ పొరబడేది ఇక్కడే. ఆ 1,800 అనే అంకె ఒకటే గానీ కారు ఎవరిది అన్నదాన్ని బట్టి అది అటూ ఇటూ తిరగబడుతుంది.

కంపెనీ కారు అయితే, అంటే సొంతమైనా లీజైనా, ఆఫీసు పనికీ ఇంటి పనికీ రెండిటికీ వాడుతూ ఖర్చు కంపెనీయే పెట్టుకుంటే, నెలకి 1,800 మీద మీకు టాక్స్ పడుతుంది. లీజు ముప్పై వేలైనా పెట్రోల్ పదిహేను వేలైనా సరే, మీ టాక్స్‌లో కలిసేది ఆ 1,800 ఒక్కటే. ఇంజన్ 1.6 లీటర్లు దాటితే 2,400. డ్రైవర్‌ని కూడా కంపెనీ ఇస్తే ఇంకో 900.

సొంత కారు అయితే తిరగబడుతుంది. కంపెనీ ఇచ్చిన డబ్బులోంచి 1,800 తీసేసి మిగతాదంతా టాక్స్. మల్లేష్ గారిది పన్నెండు వేలలో 1,800 పోగా 10,200, లెక్క అచ్చంగా సరిపోయింది. బోయినపల్లి గారు 1,800 దాకా టాక్స్ లేదన్నది ఈ సొంత కారు సంగతి, దాన్ని తెచ్చి కిరణ్ గారి కంపెనీ కారుకి పెట్టారు.

మల్లేష్ గారికి ఒక దారి ఉంది, ఆఫీసు పని మీద నిజంగా ఎక్కువ తిరిగితే 1,800 కంటే ఎక్కువ తీయించుకోవచ్చు. కానీ ఏ తేదీన ఎక్కడికి వెళ్లారు, ఎన్ని కిలోమీటర్లు, ఎంత ఖర్చు అని రాసిన లాగ్‌బుక్ ఉండాలి, కంపెనీ కూడా అవును ఇది డ్యూటీ కోసమే అని సర్టిఫికెట్ ఇవ్వాలి. మార్చిలో కూర్చుని ఒకే పెన్నుతో పన్నెండు నెలలవీ రాసిన లాగ్‌బుక్ మాత్రం దయచేసి తేవద్దండి, చూడగానే తెలిసిపోతుంది.

---

మల్లేష్_ఉప్పల్ · మధ్యాహ్నం 2:10

అర్థమైంది మేడమ్. ఒకే పెన్ను సంగతి మీకెట్ల తెలిసింది గని, నేను గదే చేద్దామనుకున్న 😅 ఇంటి ఓనర్‌ను అడుగుత, ఆయనకు కంపెనీ పేరు ఇంటేనే భయం, ఖాళీ చేపియ్యలేం అంటడు.

---

కిరణ్_కొండాపూర్ · మధ్యాహ్నం 2:48

పద్మజ గారూ చాలా థాంక్స్ అండి. అయితే నా కారుకి 39,600 అంటే నెలకి 3,300, అంటే 2,400 ప్లస్ 900 వేసినట్టున్నారు. ఆర్‌సీ తీసి చూశా, క్యూబిక్ కెపాసిటీ 1493 అని ఉంది. డ్రైవర్ అసలు లేనే లేడు. అంటే నాకు నెలకి 1,800, ఏడాదికి 21,600 చాలా? ఇంకో డౌట్, నేను ఈ కారు ఎక్కువగా ఇంటి నుంచి ఆఫీసుకే వాడతా, ఆదివారాలు మా ఆవిడతో శిల్పారామం వైపో అత్తగారింటికో. ఇది ఆఫీసు వాడకం కిందకి వస్తుందా సొంత వాడకమా?

---

పద్మజ_పేరోల్ · మధ్యాహ్నం 3:20

21,600 కరెక్ట్. ఆర్‌సీ కాపీ పంపండి, దాని మీద నంబర్ చూస్తే వాదనే ఉండదు. చాలా చోట్ల కారు ధర చూసి పెద్ద కారు అనుకుని 2,400 బకెట్లో వేసేస్తారు. ధరతో పని లేదు, ఇంజన్ సైజే లెక్క.

ఇంటి నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఇంటికి కంపెనీ బండిలో వెళ్లడాన్ని చట్టమే బెనిఫిట్ కాదని చెప్పింది. అత్తగారింటికి వెళ్లడం సొంత వాడకం. రెండూ కలిసి ఉన్నాయి కాబట్టే ఈ ఫిక్స్‌డ్ అంకె. అదే కారు పూర్తిగా ఇంటికే ఇచ్చేసి, మీరు ఆఫీసుకి మెట్రోలో వెళ్తూ కారు ఇంట్లో వాళ్లు వాడుతున్నారంటే ఈ 1,800 వర్తించదు. అప్పుడు లీజు, పెట్రోల్, సర్వీసింగ్, డ్రైవర్ అసలు ఖర్చులన్నీ మీ జీతంలో కలుస్తాయి, కంపెనీ సొంత కారైతే లీజుకి బదులు ధరలో ఏడాదికి 10 శాతం అరుగుదల. కంపెనీ రెండో కారు ఇచ్చినా అంతే, ఒకదానికే ఈ తక్కువ అంకె, రెండోదానికి అసలు ఖర్చు.

---

ఆడిట్_అబ్బాయి · సాయంత్రం 6:02

నేను సీఏ ఆర్టికల్స్ చేస్తున్నా. ఫోన్ మీద ఎవరూ మాట్లాడలేదు. బిల్లు కంపెనీ కడితే పెర్క్ కాదు, మొబైల్‌తో సహా టెలిఫోన్ ఖర్చుల్ని రూల్‌లోనే మినహాయించారు, సొంత కాల్స్ ఎన్ని ఉన్నాయని విడదీసే పని కూడా లేదు. కాబట్టి ఆ 12,000 పూర్తిగా తీసెయ్యాలి. కానీ కిరణ్ గారూ హ్యాండ్‌సెట్ కూడా కంపెనీదేనా? అయితే అది వేరే కథ. కంపెనీ వస్తువు వాడుకోవడానికి ఇస్తే ధరలో ఏడాదికి 10 శాతం పెర్క్, దాంట్లో లాప్‌టాప్‌కీ కంప్యూటర్‌కీ మాత్రమే మినహాయింపు ఉంది, ఫోన్ అని రాయలేదు. 80,000 ఫోన్ అయితే 8,000 కలపాలి.

---

పద్మజ_పేరోల్ · సాయంత్రం 6:45

బిల్లు మీద మీతో నూటికి నూరు శాతం ఏకీభవిస్తా. హ్యాండ్‌సెట్ మీద కాదు. టెలిఫోన్ ఖర్చు మినహాయింపు అన్నప్పుడు ఆ టెలిఫోన్ లేకుండా ఖర్చెక్కడిది? పద్నాలుగేళ్లలో నేను పని చేసిన ఏ కంపెనీలోనూ హ్యాండ్‌సెట్ మీద 10 శాతం వెయ్యలేదు.

---

ఆడిట్_అబ్బాయి · సాయంత్రం 7:10

మేడమ్, వెయ్యలేదు అంటే వెయ్యకూడదు అని కాదు కదా 🙂 మా సార్ అయితే వెయ్యమంటారు. సరే అది పక్కన పెడదాం, రెండేళ్ల తర్వాత ఫోన్ నువ్వే ఉంచుకో అని ఇచ్చేస్తారు చూడండి, అప్పుడు మాత్రం పెర్క్ ఖాయం. కంప్యూటర్లు, ఎలక్ట్రానిక్ వస్తువులకి వాడిన ఒక్కో పూర్తి ఏడాదికి మిగిలిన విలువలో 50 శాతం తగ్గిస్తారు. ఎనభై వేలు మొదటి ఏడాదికి నలభై, రెండో ఏడాదికి ఇరవై. మీరు వెయ్యి కట్టి తీసుకుంటే 19,000 జీతంలో కలుస్తుంది.

అయితే ఫోన్‌ని ఎలక్ట్రానిక్ వస్తువు అనొచ్చా అన్నది ఇంకో తలనొప్పి. ఆ రూల్ రాసిన రోజుల్లో వాళ్ల బుర్రలో ఉన్నది డిజిటల్ డైరీ, ప్రింటర్, అవే ఉదాహరణలుగా రాశారు. డేటా దాచే పరికరం అని అర్థం ఇచ్చారు కాబట్టి ఇప్పటి ఫోన్ ఎందుకు కాదు అని నా వాదన. కాదంటే మామూలు వస్తువు కింద ఏడాదికి ధరలో 10 శాతమే తగ్గుతుంది, రెండేళ్లకి 64,000 మిగిలి 63,000 మీద టాక్స్. ఒక ఫోన్‌కి ఎంత తేడానో చూడండి.

---

బోయినపల్లి_బ్రో · రాత్రి 8:31

డిజిటల్ డైరీ 😂 మా మావయ్య దగ్గర ఉండేది, ఆయన నంబర్లన్నీ దాంట్లోనే దాచుకుని, బ్యాటరీ పోయాక మళ్లీ గోడ మీద క్యాలెండర్ వెనక రాసుకున్నాడు.

సీరియస్‌గా ఒక మాట. కిరణ్ బ్రో అసలు కంపెనీ ఇల్లెందుకు, ఆ డబ్బు హెచ్‌ఆర్‌ఏగా తీసుకుని ఎగ్జెంప్షన్ క్లెయిమ్ చేసుకుంటే పెర్కూ లేదు ఏమీ లేదు.

---

పద్మజ_పేరోల్ · రాత్రి 9:05

ఆయన కొత్త రెజీమ్‌లో ఉన్నారు, అందులో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు లేదు. ఆ 5,04,000 చేతికి అలవెన్స్‌గా వస్తే మొత్తం మీద టాక్స్ పడుతుంది. కంపెనీ లీజు తీసుకున్నందుకు 2,00,000 మీదే పడింది, అంటే 3,04,000 టాక్స్ లెక్కలోకే రాలేదు. పెర్కుల విలువ కట్టే రూల్ రెండు రెజీమ్‌లకీ ఒకటే కాబట్టి ఈ లాభం కొత్త దాంట్లోనూ నిలబడింది. కొత్త రెజీమ్ వచ్చాక మా దగ్గర కారు లీజుకీ ఇంటి లీజుకీ దరఖాస్తులు ఎక్కువైంది అందుకే.

కానీ అందరికీ లాభం కాదు. అద్దె జీతంలో 10 శాతం కంటే తక్కువైతే ఎలాగూ అద్దే పెర్క్ అవుతుంది, అప్పుడు ఒక్క రూపాయి కూడా టాక్స్ తప్పించుకోదు. ఇరవై లక్షల జీతానికి నెలకి 16,000 ఇల్లు లీజు పెట్టించుకుంటే 1,92,000 మొత్తం టాక్స్‌లోనే కలుస్తుంది, ఊరికే కాగితాల పని.

---

కిరణ్_కొండాపూర్ · రాత్రి 9:50

ఇప్పుడు నేను కూర్చుని లెక్క వేశా, చూసి చెప్పండి. సరైనది ఇల్లు 2,18,000, కారు 21,600, ఫోన్ బిల్లు సున్నా, మొత్తం 2,39,600. వాళ్లు వేసింది 3,69,600. తేడా 1,30,000. జీతం 20 లక్షలు, పెర్కులు కలిపి, స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీస్తే 21,64,600. వాళ్ల లెక్కలో 22,94,600. రెండూ ఇరవై నుంచి ఇరవై నాలుగు లక్షల స్లాబులోనే ఉన్నాయి కాబట్టి 25 శాతం, సెస్ కలిపి 26. లక్షా ముప్పై వేలకి 33,800 ఎక్కువ టాక్స్.

డిసెంబర్ దాకా తొమ్మిది నెలల జీతాల్లో సుమారు పాతిక వేలు కోసేసి ఉంటారు. ఇది ఇప్పుడు వెనక్కి వస్తుందా లేక రిటర్న్ వేసినప్పుడు సరిచేసుకోవాలా?

---

పద్మజ_పేరోల్ · రాత్రి 10:20

లెక్క బాగుంది. చేతికి తిరిగి ఇవ్వరు, కానీ జనవరి, ఫిబ్రవరి, మార్చి టీడీఎస్‌లో సర్దేస్తారు, ఆ మూడు నెలలు చేతికి ఎక్కువ వస్తుంది. అందుకే ఇప్పుడే పట్టుకోండి. మార్చి దాటి ఫారం 16, దానితో పాటు వచ్చే 12బీఏ ఇచ్చేశాక అయితే వాళ్లు టీడీఎస్ రిటర్న్ మార్చి వేయాలి, ఆ పనికి ఏ అకౌంట్స్ వాళ్లూ ఉత్సాహంగా లేవరు.

రిటర్న్‌లో మీరే తక్కువ వేసుకోవచ్చు, హక్కు ఉంది. కానీ ఫారం 16లో ఒకటి మీ రిటర్న్‌లో ఒకటి కనిపిస్తే నోటీసు రావచ్చు, అప్పుడు ఈ లీజు అగ్రిమెంట్, ఆర్‌సీ, సామాన్ల బిల్లు అన్నీ చూపించుకోవాలి. 12బీఏలో ప్రతి పెర్క్‌కీ విలువ ఎంత, మీ దగ్గర వసూలు చేసింది ఎంత, మిగిలింది ఎంత అని విడివిడిగా ఉంటుంది, అది వచ్చిన రోజే చూసుకోండి.

ఇంకోటి, ఇదంతా 2025-26 లెక్క. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వస్తోంది, ఆ ఏడాది జీతానికి దాని కింద వచ్చే రూల్సే చూడాలి, ఈ థ్రెడ్‌ని తెచ్చి వచ్చే జనవరిలో నాకు చూపించకండి.

---

ఆడిట్_అబ్బాయి · రాత్రి 10:41

రిటర్న్‌లో తగ్గించి వెయ్యడం నేనైతే అంత సులువుగా సలహా ఇవ్వను. కంపెనీతోనే కొట్లాడండి సార్.

---

కిరణ్_కొండాపూర్ · 13 జనవరి, సాయంత్రం 5:30

అప్‌డేట్. మెయిల్ పెట్టా, పద్మజ గారు చెప్పినట్టే 3,00,000 భాగించు 20,00,000 అని ఒకే లైన్ రాశా. రెండో రోజే పేరోల్ నుంచి ఫోన్ వచ్చింది, పాత రేటు మాస్టర్‌లో ఉండిపోయిందట, నాతో పాటు లీజు ఇళ్లలో ఉన్న ఇంకో పదకొండు మందికి కూడా మారుస్తున్నారు. డ్రైవర్ 900 తీసేశారు, పూల్ డ్రైవర్ లిస్టులో నా పేరు ఎలా ఎక్కిందో వాళ్లకే తెలీదట. ఆర్‌సీ కాపీ లీజు కంపెనీ నుంచి సీల్ వేసి తెమ్మన్నారు, అప్పటి దాకా 2,400 అలాగే ఉంచారు. ఫోన్ బిల్లు తీసేశారు గానీ హ్యాండ్‌సెట్ కంపెనీదే కదా అని వాళ్లే ఇప్పుడు అడుగుతున్నారు, నేను కదిపి తెచ్చుకున్నట్టయింది.

---

నార్సింగి_నీలిమ · సాయంత్రం 6:12

కంగ్రాట్స్ అండి. నాకు ఇంకో ప్రశ్న మిగిలింది. మా కంపెనీ ఈ నెల నుంచి ఎలక్ట్రిక్ కార్లు ఇస్తోంది. దానికి ఇంజనే లేదు కదా, 1.6 లీటర్ లోపా పైనా? ఆర్‌సీలో ఆ గడే ఖాళీగా ఉంది. మా వాళ్లు 2,400 వేశారు.

---

పద్మజ_పేరోల్ · సాయంత్రం 7:25

ఆ రూల్‌లో ఎలక్ట్రిక్ కారు మాటే లేదండి. సున్నా సీసీ కాబట్టి 1.6 దాటలేదు, 1,800 చాలు అని నేను వేస్తాను. మా పక్క టీమ్ 2,400 వేస్తుంది. ఇద్దరం ఒకే క్యాంటీన్‌లో టీ తాగుతాం, ఇంతవరకు ఒకరినొకరం ఒప్పించుకోలేకపోయాం.